పేగు టీబీనా, క్రోన్స్ జబ్బా? తేల్చేది రెండో కొలనోస్కోపీ
(కర్నూలులో ఒక ఆదివారం ఉదయం ఆర్‌ఎంపీలు, ఆశా కార్యకర్తలు, మెడికల్ షాపుల వాళ్లు, కొందరు రోగుల కుటుంబాల ముందు ఒక జీర్ణకోశ వైద్యుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగా రాసుకున్నది.)

ఉగాది అయిన వారానికి పత్తికొండ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఇరవై ఆరేళ్లు. ఇంటిల్లిపాదీ ఏటా గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు, ఈసారి సగంలోనే వాణ్ణి వెనక్కి తీసుకొచ్చేశారు. సమస్య ఏందంటే, అన్నం తిన్న గంటా రెండు గంటలకు కడుపులో కుడిపక్క కింద మెలిపెట్టినట్టు నొప్పి. వాడు చెప్పిన మాట చెప్తా వినండి: "సార్, లోపల బంతి లాగా ఏదో పైకి లేస్తాది, గుడగుడమని ఒక పక్కకు పోతాది, అది పోతానే నొప్పి పోతాది." పుస్తకాల్లో పేజీ నిండా రాసేది వాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. పేగు ఎక్కడో ఇరుకైంది, దాని వెనక గాలీ తిండీ ఆగి, తోసుకుని తోసుకుని చివరికి దాటిపోతోంది. సంగటి ముద్ద తింటే నొప్పి ఎక్కువని రెండు నెలల నుంచి రాగి జావతోనే నెట్టుకొస్తున్నాడు. బరువు 57 కిలోల నుంచి 46కి దిగింది. కొన్ని సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుంది. విరేచనంలో రక్తం లేదు.

అంతకుముందు ఏం జరిగిందో మీరే ఊహించగలరు. మొదట గ్యాస్ మాత్రలు, తర్వాత నొప్పి సూదులు, ఒకసారి విరేచనాలైతే ఐదు రోజులు లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. ఒకచోట అపెండిక్స్ అన్నారు, ఆపరేషన్‌కు డబ్బుల్లేక ఆగిపోయారు. వాళ్లను తప్పు పట్టడం లేదు, ఎందుకంటే అపెండిక్స్ ఉండేదీ ఈ నొప్పి వచ్చేదీ ఒకే చోట. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే మూల అది. ఈ రోజు మనం మాట్లాడుకునే రెండు జబ్బులకూ ఇష్టమైన మూల కూడా అదే.

ఒకటి పేగు టీబీ. రెండోది క్రోన్స్. ఐబీడీ అని, పేగు వాచి పుండ్లు పడే జబ్బు, మీరు వింటుంటారు కదా, అందులో రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ మలద్వారం దగ్గర మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. దాన్ని చూసి టీబీ అని మోసపోవడం తక్కువ. తిప్పలన్నీ క్రోన్స్‌తోనే. టీబీ క్రిమి వల్ల వస్తుంది, ఆరు నెలల మందులతో పోతుంది. క్రోన్స్‌కు అలా ఒక క్రిమి లేదు, ఒంట్లో రక్షణ వ్యవస్థే పేగు మీద తిరగబడుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది, దాని మందులు చాలావరకు ఆ రక్షణను అణచడానికే. క్రోన్స్‌కు ఇచ్చే మందు టీబీ రోగికి విషం లాంటిది. ఈ విషయం తర్వాత వివరంగా చెప్తా.

ముందు ఆ అబ్బాయి రిపోర్టులు చూద్దాం. సీటీలో ఆ మూల దగ్గర పేగు గోడ మందంగా ఉంది, పక్కన కొన్ని గ్రంథులు ఉబ్బాయి. కొలనోస్కోపీలో, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చూస్తే, ఆ కలిసే చోట వాల్వు ఆకారం చెడిపోయింది, చుట్టూ పుండ్లు, కాస్త పైన పెద్దపేగులో ఇంకో రెండు. బయాప్సీలో "గ్రాన్యులోమా ఉంది, కేసియేషన్ లేదు, టీబీ క్రిములు కనబడలేదు" అని రాశారు. టీబీ క్రిమి జన్యువును వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ నెగటివ్. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. మాంటూ సూది వేసిన చోట 14 మిల్లీమీటర్లు పొంగింది. ఆరేళ్ల కిందట వాళ్ల చిన్నాయనకు ఊపిరితిత్తుల టీబీ వచ్చి తగ్గింది.

చెప్పండి, ఇది టీబీనా కాదా? (హాల్లో చాలామంది "టీబీ" అన్నారు.) నేనూ అదే అన్నానమ్మా. ఇప్పుడు ఒక్కో రిపోర్టు పట్టుకుని అది నిజంగా ఏం చెప్తోందో చూద్దాం.

మాంటూతో మొదలుపెడదాం. 14 మిల్లీమీటర్లు అంటే ఎప్పుడో ఒకప్పుడు టీబీ క్రిమి ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. మన దేశంలో పెద్దవాళ్లలో కోట్లాది మందికి ఆ క్రిమి లోపల నిద్రపోతూ ఉంటుంది, వాళ్లలో చాలామందికి జబ్బు ఎప్పటికీ రాదు. ఈ హాల్లో అందరికీ వేస్తే ఎంతమందికి పొంగుతుందో! టీబీ గోల్డ్ అని వేలు పోసి చేయించుకునే రక్త పరీక్ష చెప్పేదీ అదే, క్రిమి వచ్చిందా లేదా అని, పేగులో ఉన్న పుండు దానిదేనా అని కాదు. క్రోన్స్ రోగికి కూడా మాంటూ పొంగవచ్చు, వాడూ మన ఊళ్లోనే పెరిగాడు కదా.

ఎక్స్‌రే బాగుంది కాబట్టి టీబీ కాదు అనడం ఇంకో పొరపాటు. పేగు టీబీ వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఛాతీ శుభ్రంగానే ఉంటుంది. ఛాతీలో టీబీ కనబడితే మాత్రం మన పని సగం అయిపోయినట్టే, కళ్లె పరీక్షలోనే తేలిపోవచ్చు, అందుకే ఎక్స్‌రే మానకండి.

ఇక బయాప్సీ. గొడవంతా ఇక్కడే ఉంది. గ్రాన్యులోమా అంటే, ఒంట్లోకి వచ్చిన దేన్నో చంపలేక రక్షణ కణాలు దాని చుట్టూ కూర్చుని కట్టిన చిన్న ముద్ద. టీబీలోనూ కడతాయి, క్రోన్స్‌లోనూ కడతాయి. టీబీ ముద్దలు పెద్దవి, ఎక్కువ, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, నడిమధ్య కుళ్లి జున్నులా అవుతుంది, ఆ జున్నునే కేసియేషన్ అంటారు. క్రోన్స్‌వి చిన్నవి, అక్కడొకటి ఇక్కడొకటి, జున్ను ఉండదు. జున్ను కనబడితే టీబీ అని దాదాపు ఖాయం. కానీ అసలైన పేగు టీబీలో కూడా చాలామందిలో ఆ జున్ను కనబడదు! ఎందుకంటే మనం తీసేది రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క, పై పొర నుంచి. ముద్దలేమో లోపలి పొరలో దాక్కుని ఉంటాయి. పేగులో క్రిముల సంఖ్య కూడా తక్కువే, ఊపిరితిత్తుల్లో లాగా కుప్పలుగా ఉండవు. అందుకే జీన్‌ఎక్స్‌పర్ట్ పేగు ముక్క మీద చేస్తే పదిమంది నిజమైన టీబీ రోగుల్లో ఇద్దరు ముగ్గురిలోనే పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వస్తే నమ్మండి, మళ్లీ ఆలోచించక్కర్లేదు. నెగటివ్ వస్తే మాత్రం టీబీ లేదని అర్థం కాదు, దొరకలేదని అర్థం.

ఇక్కడ ఒక మాట, ఇది ఎండోస్కోపీ గదుల్లో పనిచేసే స్టాఫ్ కోసం. తీసిన ముక్కలన్నీ అలవాటుగా ఫార్మలిన్ సీసాలో వేసేస్తారు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కలో క్రిమి చచ్చిపోతుంది, ఇక దాన్ని ల్యాబ్‌లో పెంచి చూడలేము, అంటే కల్చర్ చేయలేము. ఎనిమిది ముక్కలు తీస్తే కొన్ని ఫార్మలిన్‌లో, కొన్ని ఉత్త సెలైన్‌లో వేయాలి. పుండు అంచు నుంచీ తీయాలి, అడుగు నుంచీ తీయాలి. కల్చర్‌కు ఆరు వారాల దాకా పడుతుంది, కానీ మందులకు లొంగని టీబీ ఉందేమో చెప్పేది అదే. సీసా మార్చడానికి అర నిమిషం పడుతుంది, మార్చకపోతే రోగికి ఇంకో కొలనోస్కోపీ.

పుండ్ల ఆకారం కూడా కొంత చెప్తుంది. టీబీ పుండు పేగు చుట్టూ అడ్డంగా, గాజులాగా పోతుంది. ఆ వాల్వు మూసుకోకుండా నోరు తెరుచుకుని ఉంటుంది. క్రోన్స్ పుండు నిలువుగా పోతుంది, లేదా ఆవగింజంత చిన్న చిన్న పుండ్లు, మధ్యమధ్యలో మంచి పేగు, ఇంకోచోట మళ్లీ పుండు. మలద్వారం పక్కన చీము కారే రంధ్రాలు, ఫిస్టులాలు ఉంటే క్రోన్స్ వైపు మొగ్గుతాము. ఏళ్ల తరబడి విరేచనాలు, రక్తం పడటం కూడా ఎక్కువగా ఆ వైపే. సీటీలో కడుపులో నీరు ఉన్నా, గ్రంథుల నడిమధ్య చచ్చిపోయి నల్లగా కనబడినా టీబీ వైపు. మన అబ్బాయికి గ్రంథులు ఉబ్బాయి కానీ నడిమధ్య నల్లగా లేదు. మలద్వారం బాగుంది. పుండ్లు ఒకటి అడ్డం, ఒకటి ఎటూ కాని ఆకారం. అంటే ఒక్క గుర్తు కూడా గట్టిగా ఒక పక్కకు లాగడం లేదు. మా దగ్గరికి వచ్చే వాళ్లలో ఇట్లాంటివాళ్లు బాగానే ఉంటారు, ఎంత పెద్ద ఆసుపత్రికి పోయినా.

మనకే తెలియక కాదు ఈ అయోమయం. కోక్ 1882లో టీబీ క్రిమిని కనిపెట్టాడు. ఆ తర్వాత పేగులో ఇలాంటి గడ్డ కనబడితే టీబీ అనే అనుకునేవాళ్లు. గ్లాస్గోలో డాల్‌జియెల్ అనే సర్జన్ 1913లో, ఇది టీబీ లాగే ఉంది కానీ టీబీ కాదు అని కొందరు రోగుల గురించి రాశాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1932లో న్యూయార్క్‌లో క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అని ముగ్గురు 14 మంది రోగులతో మళ్లీ చెప్పారు, పేరు క్రోన్‌కు దక్కింది. అక్కడ టీబీ తగ్గిపోయింది కాబట్టి, ఇప్పుడు ఇదే రిపోర్టు లండన్‌లో చూపిస్తే క్రోన్స్ అని మొదలుపెడతారు. కర్నూల్లో చూపిస్తే టీబీ అని మొదలుపెడతారు. రిపోర్టు ఒకటే, ఊరు మారితే లెక్క మారుతుంది, రెండూ తప్పు కాదు.

మరి తేలనప్పుడు ముందు దేనికి మందివ్వాలి? తప్పు జరిగితే ఏ తప్పు ఖరీదు ఎక్కువో చూసుకోవాలి. టీబీ రోగికి క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ మొదలుపెట్టామనుకోండి. నాలుగు రోజుల్లో జ్వరం పోతుంది, ఆకలేస్తుంది, ఇంట్లోవాళ్లు డాక్టరుకు దండం పెడతారు. కొన్ని వారాలకు కడుపు నీటితో ఉబ్బుతుంది, క్రిమి ఊపిరితిత్తులకో మెదడుకో పాకుతుంది. ప్రాణం పోయే తప్పు అది. ఇటు క్రోన్స్ రోగికి టీబీ మందులిస్తే? నాలుగు మందుల్లో మూడు కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలవు, నాలుగోదానితో కంటి చూపుకు, రంగులు గుర్తుపట్టడానికి ఇబ్బంది రావచ్చు. అన్నిటికంటే పెద్ద నష్టం కాలం. ఆ రోజులన్నీ క్రోన్స్ తన పని తాను చేసుకుంటూ పేగును ఇరుకు చేస్తుంది. రెండు నెలలైతే భరించగలం. తొమ్మిది నెలలైతే భరించలేం.

అందుకే మన దగ్గర తేలనప్పుడు ముందు టీబీ మందులే ఇస్తారు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు. దీన్ని ట్రయల్ అంటాము. ట్రయల్ అంటే పరీక్ష, పరీక్ష అంటే ఫలితం చూడాలి కదా? మనం చేసే తప్పు ఏందంటే, పరీక్ష పెట్టి పేపర్లు దిద్దకుండా వదిలేస్తాము. "ఎట్లుందబ్బా?" అని అడిగి, "బాగుంది సార్" అంటే మందులు కొనసాగిస్తాము.

నా తప్పు ఒకటి చెప్తా. చాలా ఏళ్ల కిందట ఒక ఆడమనిషికి ఇలాగే మొదలుపెట్టాను. ప్రతి నెలా వచ్చి కొంచెం మేలు అనేది. ఆరు నెలలకు పూర్తిగా తగ్గలేదని ఇంకో మూడు నెలలు పొడిగించాను. మధ్యలో ఒక్కసారి కూడా లోపలికి చూడలేదు. తొమ్మిదో నెల పేగు మూసుకుపోయి రాత్రికి రాత్రి ఆపరేషన్ టేబుల్ మీదికి వెళ్లింది. తీసేసిన పేగు ల్యాబ్‌కు పంపిస్తే క్రోన్స్ అని వచ్చింది. అప్పటి నుంచి టీబీ ట్రయల్ చీటీ రాసిన రోజే, అదే చీటీ కింద రెండో కొలనోస్కోపీ తేదీ రాస్తున్నా. సరిగ్గా రెండు నెలలకు.

పత్తికొండ అబ్బాయికీ రాశాను. రెండు నెలలకు వచ్చాడు. బరువు 51. జ్వరం లేదు. నొప్పి సగం తగ్గింది. వాళ్ల నాయన "మందు పట్టింది సార్, ఇంక ఆ గొట్టం ఎందుకు" అన్నాడు. నాకూ లోపల అదే అనిపించింది, అబద్ధం ఎందుకు! ముందు రోజంతా పౌడరు కలిపిన నీళ్లు లీటర్లు లీటర్లు తాగి, చెంబు పట్టుకుని తిరగాలి, ఎవరికి మాత్రం ఇష్టం. బతిమాలి చేశాము. చూస్తే పాత పుండ్లు అట్లే ఉన్నాయి, ఆపైన రెండు కొత్తవి.

పేగు టీబీకి సరైన మందు పడితే రెండు మూడు నెలలకు పుండ్లు మానిపోతాయి, లేదా బాగా మానే దారిలో ఉంటాయి. క్రోన్స్ పుండ్లు టీబీ మందులకు మానడం చాలా అరుదు. కానీ క్రోన్స్ రోగికి కూడా టీబీ మందులతో "బాగుంది" అనిపించడం అరుదు కాదు. ఆ జబ్బు దానంతట అదే కొన్నాళ్లు తగ్గుతుంది, కొన్నాళ్లు పెరుగుతుంది. పైగా మనం మెత్తటి తిండి పెట్టించాం, గుంటూరు ఎండలో పని మాన్పించాం. మనిషికి బాగుండటం వేరు, పుండు మానడం వేరు. మాకు కావలసింది పుండు మానడం.

అప్పుడే క్రోన్స్ అని రాసేయలేదు. ముందు మందులు నిజంగా మింగాడా అని చూశాము. ఖాళీ స్ట్రిప్పులు తెచ్చాడు, రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, అదీ ఉంది. తర్వాత మొదటి ముక్క కల్చర్ అడిగాము, ఆరు వారాలైనా ఏమీ మొలవలేదు, అంటే మందులకు లొంగని టీబీ అనే అనుమానానికీ ఆధారం దొరకలేదు. మళ్లీ ముక్కలు తీసి పంపితే ఈసారి చిన్న చిన్న గ్రాన్యులోమాలు, విడివిడిగా. అన్నీ కలిపి చూసుకుని క్రోన్స్ అని నిర్ణయించి, కొద్ది కాలం స్టెరాయిడ్, దాంతోపాటు రక్షణను అణచే అజాథయోప్రిన్ మొదలుపెట్టాము. అజాథయోప్రిన్ వేసుకునే వాళ్లకు తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు, మొదట్లో తరచుగా రక్త పరీక్ష తప్పదు. మాంటూ పొంగిన మనిషి కాబట్టి నిద్రపోయే క్రిమి లేస్తుందేమో అని ఇప్పటికీ కనిపెట్టుకునే ఉన్నాము, జ్వరం వస్తే వెంటనే రమ్మన్నాము.

దీనికి తిరగేసిన కథ ఇంకొకటి ఉంది, అది కూడా చెప్పకపోతే మీరు ఇంటికి సగం మాటతో పోతారు. ఎమ్మిగనూరు నుంచి ఒకామె, మగ్గం పని. ఆమెకూ టీబీ ట్రయలే. రెండు నెలలకు చూస్తే పుండ్లన్నీ మానిపోయాయి, అద్దంలా ఉంది. కానీ నొప్పి, ఆ గుడగుడ మాత్రం తగ్గలేదు. "మందు పనిచేయడం లేదు, మార్చండి" అని ఇంట్లోవాళ్ల గొడవ. మందు బ్రహ్మాండంగా పనిచేసింది! చేతి మీద కాలిన పుండు మానాక చర్మం ముడుచుకుని వేలు వంగిపోతుంది చూడండి, అట్లా మానిన పేగు మచ్చ కట్టి ఇరుకైంది. ఆ ఇరుకును ఏ మాత్రా తెరవలేదు. టీబీ మందులతో ఇరుకు విడిపోయేది కొద్దిమందికే. బెలూన్ పెట్టి సాగదీయాలి, కుదరకపోతే ఆ ముక్క తీసేయాలి. ఇలాంటి వాళ్లను మందు పనిచేయలేదనుకుని క్రోన్స్ ఖాతాలో వేసి స్టెరాయిడ్ ఇస్తే ఎంత అన్యాయమో ఆలోచించండి.

సరే, ప్రశ్నలు అడగండి.

(ఒక ఆర్‌ఎంపీ: "సార్, మా దగ్గరికి వచ్చినప్పుడు మేం ఏం చేయకుండా ఉండాలి?")

మంచి ప్రశ్న అన్నా. తిన్నాక గుడగుడ, కుడిపక్క నొప్పి, బరువు తగ్గడం, ఈ మూడూ కలిసి కనబడితే స్టెరాయిడ్ సూది వేయకండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజులు రోజులు ఇవ్వకండి, అవే చిన్నపేగు చివర పుండ్లు పెట్టగలవు, అప్పుడు మేము మూడో జబ్బును కూడా లెక్కలోకి తీసుకోవాలి. లీవోఫ్లాక్సాసిన్ ఊరికే రాయకండి, అది టీబీ క్రిమిని కూడా కొంత అణచగలదు. అణచిందంటే మాకు కల్చర్‌లో మొలిచేది కూడా మొలవదు.

(ఒక తల్లి: "మా పాపకు పేగు టీబీ అన్నారు సార్. తట్ట, గ్లాసు వేరే పెట్టినాం. పెండ్లి కావాల్సిన పిల్ల...")

తట్టా గ్లాసూ కలిపేయండమ్మా. టీబీ అంటేది దగ్గు ద్వారా. ఛాతీలో లేకపోతే పక్కన కూర్చుని తిన్నంత మాత్రాన ఎవరికీ రాదు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీయించారా? తీయించి బాగుందా, ఇంకేం భయం లేదు. టీబీ అయితే ఆరు నెలల్లో మందులు ఆపేస్తాము, పెండ్లి ఆపాల్సిన పని లేదు.

(ఒక ఆశా కార్యకర్త: "ట్రయల్ అంటే టీబీ అని తేలలేదు కదా సార్, మరి గవర్నమెంటు మందులు ఇస్తారా? వలస పోయేవాళ్లు మధ్యలో ఏం చేయాలి?")

ఇస్తారమ్మా. క్రిమి దొరకకపోయినా డాక్టరు టీబీ అని నిర్ణయించి రాస్తే ప్రభుత్వ టీబీ రికార్డయిన నిక్షయ్‌లో నమోదవుతుంది, మందులు ఉచితం, తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి, 2024 నవంబరు నుంచి అంత చేశారు. గుంటూరుకో బెంగుళూరుకో పోతే నిక్షయ్‌లో అక్కడికి మార్పించవచ్చు, మందులు అక్కడే తీసుకోవచ్చు. మీరు చేయాల్సింది ఇంకొకటి ఉంది. వాళ్లు వలస పోయేముందు రెండో కొలనోస్కోపీ తేదీ ఎప్పుడో చీటీ చూసి, పండగకు వచ్చే రోజుల్లో కుదురుతుందేమో లెక్కేసి మాకు ఫోన్ చేయండి, ఒక వారం అటో ఇటో జరుపుతాము. చివరికి క్రోన్స్ అని తేలితే ఆ మాట టీబీ యూనిట్‌కు కూడా చెప్పి రికార్డులో మార్పించండి. లేకపోతే మందులు ఎందుకు మానేశావని వాణ్ణి వెతుక్కుంటూ మీరే ఇంటికి పోవాల్సి వస్తుంది.